రిటైర్మెంట్ ముంగిట క్లయింట్: మూడు ఆదాయాలు, మూడు తేదీలు (సలహాదారులు తరచుగా అడిగే ప్రశ్నలు)

ప్రభుత్వ పెన్షన్ ఒకటి, ఉద్యోగం తాలూకు కంపెనీ పెన్షన్ ఒకటి, సొంతంగా దాచుకున్న డబ్బు కొంత. ఈ మూడూ ఉన్న క్లయింట్ రిటైర్మెంట్‌కు ఏడాదో రెండేళ్లో ముందు మన దగ్గరికి వస్తారు. ఇలాంటి కేసుల్లో నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పెట్టుబడులు ఎలా ఎంచుకోవాలన్నది ఇందులో లేదు. ఏ ఆదాయం ఏ తేదీన మొదలుపెట్టాలి, ఏ ఫారంలో ఏ గడిలో టిక్కు పెట్టాలి అన్నదే ఉంది. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి మీ క్లయింట్‌కు వర్తించేవి మీరు విడిగా చూసుకోవాలి.

మొదటి మీటింగ్‌లో ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి?

"మీ దగ్గర ఎంత ఉంది?" అని మాత్రం కాదు. ఆ అంకె వాళ్లు ఎలాగూ చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మనకు ముందు కావలసింది ఖర్చు.

నోటి లెక్క నమ్మకండి. నెల ఖర్చు ఎంత అని అడిగితే గుర్తున్న నెల గురించే చెబుతారు. ఏడాదికోసారి వచ్చే బీమా ప్రీమియం, ఇంటి పన్ను, మూడేళ్లకోసారి ఇంటికి చేయించే రిపేర్లు, పిల్లలకు సర్దే డబ్బు ఆ లెక్కలోకి రావు. అందుకే కనీసం 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు తెప్పించండి. అన్నీ కూడి 12తో భాగిస్తే వచ్చేదే అసలు నెల ఖర్చు.

తర్వాత దాన్ని రెండు ముక్కలు చేయండి. తప్పనిసరి ఖర్చు ఒకటి, అవసరమైతే తగ్గించుకోగలిగేది ఒకటి. ఈ గీత క్లయింట్ చేతే గీయించండి. మీరు గీస్తే ఆరు నెలల తర్వాత అది మీ గీత అవుతుంది, వాళ్లది కాదు.

భార్యాభర్తలు ఇద్దరూ రావాలా?

రావాలి. ఒక్కరే వస్తే వివరాలు రాసుకోండి గాని నిర్ణయాలు మాత్రం రెండో మీటింగ్‌కు ఆపండి.

ఒకసారి ఒక జంట వచ్చారు. ఆయన ఫైలు నిండా కాగితాలు తెచ్చి గంటసేపు మాట్లాడారు. ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. "అమ్మా, మీరేమంటారు?" అని అడిగితే, "నాకేం తెలుసండీ, అన్నీ ఆయనే చూసుకుంటారు" అన్నారు. "ఆయన లేని రోజు మీకు నెలకు ఎంత వస్తుందో తెలుసా అమ్మా?" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆవిడ మొదటిసారి కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆ పూట మేం మాట్లాడుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా అడగాలి, ఎందుకంటే కంపెనీ పెన్షన్ ఫారంలో సగం గడులు దాని గురించే.

తెప్పించాల్సిన కాగితాలేమిటి? వాటిలో ఏం చూడాలి?

ప్రభుత్వ పెన్షన్ శాఖ ఇచ్చే చందా రికార్డు, కంపెనీ పథకం ఇచ్చిన తాజా అంచనా పత్రం, ఆ పథకం నియమాల పుస్తకం, పొదుపు ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లు, నామినీ పత్రాలు. ఇవి చాలు.

చందా రికార్డును ఏడాది ఏడాదిగా చదవండి. ఉద్యోగం మారిన ఏళ్లు, విదేశంలో ఉన్న ఏళ్లు, పిల్లల కోసం పని మానేసిన ఏళ్లు ఖాళీగా కనిపిస్తాయి. కొన్ని నిజంగానే ఖాళీ. కొన్ని మాత్రం యజమాని చందా కట్టినా పేరు స్పెల్లింగో పుట్టిన తేదీయో తేడా ఉండి క్లయింట్ ఖాతాలో పడనివి. సరిదిద్దించుకోవడానికి పాత జీతం స్లిప్పులు కావాలి, నెలలు పడుతుంది. అందుకే ఈ పని మొదటి వారంలోనే మొదలుపెట్టించండి. కొన్ని దేశాల్లో ఖాళీ ఏళ్లకు ఇప్పుడు డబ్బు కట్టి పూరించుకునే వీలూ ఉంది, దానికి గడువు ఉంటుంది.

ఒక కేసు పూర్తిగా లెక్కగట్టి చూపిస్తారా?

చూపిస్తాను. ఏ దేశపు డబ్బూ తీసుకోకుండా, క్లయింట్ నెల ఖర్చును 100 అనుకుందాం. మిగతావన్నీ దానితో పోల్చిన అంకెలే.

ఆయన వయసు 63, వెంటనే ఉద్యోగం మానేయాలనుకుంటున్నారు. ఆవిడకు 58, ఆవిడకు సొంత పెన్షన్ లేదు. ఖర్చు 100లో 70 తప్పనిసరి. ప్రభుత్వ పెన్షన్ 65వ ఏట తీసుకుంటే నెలకు 40 వస్తుంది, ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. కంపెనీ పెన్షన్, ఆయన తర్వాత ఆవిడకు 60 శాతం వచ్చేలా తీసుకుంటే, నెలకు 31. ఇది ధరలతో పాటు పెరగదు. సొంత పొదుపు 9,000, అంటే 90 నెలల ఖర్చు.

ప్రభుత్వ పెన్షన్‌కు కెనడా పద్ధతి వాడదాం. 65కు ముందు తీసుకుంటే ప్రతి నెలకు 0.6 శాతం కోత, తర్వాత తీసుకుంటే 70 ఏళ్ల వరకు ప్రతి నెలకు 0.7 శాతం పెంపు. అంటే 63లో మొదలుపెడితే 34.2, 67లో 46.7, 70లో 56.8. ధరలు ఏడాదికి 2.5 శాతం పెరుగుతాయని, పొదుపు మీద రాబడి సరిగ్గా ధరల పెరుగుదలకు సరిపోతుందని అనుకుందాం. కింద చెప్పే అంకెలన్నీ ఈనాటి విలువలోనే.

మొదటి దారి: ఉద్యోగం మానేసిన రోజే అన్నీ మొదలుపెట్టడం. నెలకు 34.2, 31 కలిపి 65.2 వస్తుంది. మిగతా 34.8 పొదుపులోంచి తీయాలి. చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ కంపెనీ పెన్షన్ విలువ ఏటా కరుగుతూ 81వ ఏటికి 19.9 అవుతుంది, ఆ మేరకు పొదుపులోంచి తీసేది పెరుగుతుంది. 81వ ఏట పొదుపులో 135 మిగులుతుంది, అంటే మూడు నెలల లోటుకు సరిపడేంత. ఆ తర్వాత చేతికొచ్చేది నెలకు 54. తప్పనిసరి ఖర్చు 70.

రెండో దారి: కంపెనీ పెన్షన్ ఇప్పుడే మొదలుపెట్టి, ప్రభుత్వ పెన్షన్‌ను 70 వరకు ఆపడం. ఏడేళ్ల పాటు నెలకు దాదాపు 70 చొప్పున పొదుపు కరిగిపోతుంది. 70 వచ్చేసరికి 9,000లో మిగిలేది 3,000 కంటే కాస్త తక్కువే. క్లయింట్‌కు ఇది చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. కానీ అక్కడి నుంచి ప్రభుత్వ పెన్షన్ 56.8 వస్తుంది కాబట్టి పొదుపులోంచి తీసేది ఒక్కసారిగా తగ్గుతుంది. 81వ ఏట పొదుపు దాదాపు 240. మొదటి దారితో పోలిస్తే పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాతే. నెలకు వచ్చేది 76.7. తప్పనిసరి ఖర్చు గడిచిపోతుంది.

మధ్యదారిగా 67లో తీసుకుంటే 81వ ఏట పొదుపు 590 దాకా ఉంటుంది, నెల ఆదాయం 66.6. తప్పనిసరి ఖర్చుకు కొద్దిగా తక్కువ.

కాబట్టి క్లయింట్‌ను అడగాల్సింది ఒకే ప్రశ్న: 80 దాటాక బతికి ఉంటే అప్పుడు ఎంత కావాలి? 81 లోపే కన్నుమూస్తే మొదటి దారికీ రెండో దారికీ మధ్య నష్టపోయేది వారసులకు మిగిలే డబ్బు. బతికుంటే నష్టపోయేది తమ నెలవారీ ఖర్చు. చాలామంది ఈ రెంటినీ ఒకే త్రాసులో వేసి చూస్తారు, అక్కడే పొరపాటు పడతారు.

అంటే అందరికీ ఆపమనే చెప్పాలా?

కాదు. ముందుగా తీసుకోమని చెప్పాల్సిన వాళ్లు మూడు రకాలు. ఆయుష్షు తగ్గే జబ్బు ఉండి, తన మీద ఆధారపడే జీవిత భాగస్వామి లేనివాళ్లు ఒకరు. వడ్డీ ఎక్కువున్న అప్పు మోస్తున్నవాళ్లు రెండోవాళ్లు. ఉద్యోగం మానేశాక ప్రభుత్వ పెన్షన్ మొదలయ్యేదాకా ఉండే మధ్య ఏళ్లు గడవడానికి సరిపడా పొదుపు లేనివాళ్లు మూడోవాళ్లు. మూడోవాళ్లకు అసలు సలహా వేరే ఉంటుంది. ఇంకో ఏడాదో రెండేళ్లో పని చేయమని, కనీసం పార్ట్‌టైమ్‌గానైనా చేయమని చెప్పాలి. పని చేసిన ప్రతి ఏడాదీ మూడు పనులు ఒకేసారి చేస్తుంది: పొదుపు కరగదు, పెన్షన్ పెరుగుతుంది, పొదుపు నిలవాల్సిన కాలం తగ్గుతుంది. ఈ మాట ఎవరికీ నచ్చదు. అయినా చెప్పాలి.

ఆపితే ఎంత పెరుగుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కోత లేకుండా పూర్తి పెన్షన్ అందే వయసు దాటాక ఆపిన ప్రతి ఏడాదికీ 8 శాతం, 70 ఏళ్ల వరకు. 1960లో గాని తర్వాత గాని పుట్టినవాళ్లకు ఆ పూర్తి వయసు 67. బ్రిటన్ కొత్త స్టేట్ పెన్షన్‌లో ప్రతి 9 వారాలకు 1 శాతం, అంటే ఏడాదికి 5.8 శాతం లోపే. 8 శాతం దగ్గర చెప్పిన సలహా 5.8 శాతం దగ్గర అంత బలంగా నిలవదు. కాబట్టి మీ దేశపు అంకె వేసి పై లెక్క మళ్లీ కట్టండి.

లెక్క కట్టడం సులువే. ఆపిన కాలంలో వదులుకున్న మొత్తాన్ని, తర్వాత నెలకు అదనంగా వచ్చేదానితో భాగించాలి. మన కేసులో 34.2 చొప్పున 84 నెలలు వదులుకున్నారు, అంటే సుమారు 2,876. అదనం నెలకు 22.6. భాగిస్తే 127 నెలలు, అంటే దాదాపు పదిన్నరేళ్లు. 70కి కలిపితే 80 దాటాక గాని వదులుకున్నది తిరిగిరాదు.

కంపెనీ పెన్షన్ అంచనా పత్రంలో ఎక్కువమంది ఎక్కడ పొరబడతారు?

తాత్కాలిక అదనం దగ్గర. ప్రభుత్వ పెన్షన్ వయసు రాకముందే రిటైరయ్యేవాళ్లకు కొన్ని కంపెనీ పథకాలు ఆ మధ్య ఏళ్లలో కొంత ఎక్కువ ఇస్తాయి. ఆ వయసు రాగానే ఆపేస్తాయి. అంచనా పత్రం మొదటి పేజీలో కలిపిన అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆగిపోయే సంగతి వెనకెక్కడో ఒక వాక్యంలో ఉంటుంది.

నేనూ ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను. క్లయింట్‌కు నెలకు 45 అని రాసుకుని ప్లాన్ అంతా దానిమీదే కట్టాను. అందులో 12 తాత్కాలికం. 65 నిండిన నెలలో ఆయన ఫోన్ చేసి, "ఏమండీ, బ్యాంకు వాళ్లు తక్కువ వేశారు" అన్నారు. బ్యాంకు తప్పేమీ లేదు. ఆ 12 ప్రభుత్వ పెన్షన్ తీసుకున్నా తీసుకోకపోయినా ఆగిపోయేదే. ఆయనేమో నా మాట మీద ప్రభుత్వ పెన్షన్ ఆపుకుని ఉన్నారు. పొదుపులోంచి అదనంగా తీయాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు గాని, అప్పటి నుంచి ప్రతి అంచనా పత్రం మీద ఎర్ర పెన్నుతో నేను రాసే ప్రశ్న ఇదే: "ఈ అంకెలో ఎంత చివరిదాకా వస్తుంది?"

జవాబు పథకం నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అదే ఉత్తరంలో ఇంకో ప్రశ్న కూడా అడగండి: ధరలతో పాటు పెరుగుతుందా, పెరిగితే ఏ పరిమితి దాకా? కొన్ని పథకాలు పెరుగుతుందని చెప్పి, ఏడాదికి ఇంత శాతానికి మించదని గీత గీస్తాయి.

నెలనెలా పెన్షనా, ఒకేసారి మొత్తమా?

మన క్లయింట్‌కు కంపెనీ ఇచ్చిన ఇంకో అవకాశం: ఆయన ఒక్కరికే నెలకు 35, లేదా ఒకేసారి 6,000. ఏడాదికి 420ని 6,000తో భాగిస్తే 7 శాతం. "బ్యాంకులో ఇంత వడ్డీ రాదు కదా, పెన్షనే మేలు" అంటారు కొందరు. ఆ 7 శాతం వడ్డీ కాదు. అందులో సొంత అసలు కూడా తిరిగొస్తోంది. అసలు మొత్తం తిరిగి రావడానికే 14 ఏళ్లు దాటుతుంది. మరి కొందరు "6,000 నేను తిప్పుకుంటే ఇంకా ఎక్కువ చేస్తాను" అంటారు. వాళ్లు 95 ఏళ్లు బతికితే ఎవరు తిప్పుతారో చెప్పరు.

సరైన పోలిక ఒక్కటే. అదే వయసులో, అవే షరతులతో, బయట బీమా కంపెనీ నుంచి జీవితాంతం నెలకు 35 వచ్చే యాన్యుటీ కొనాలంటే ఎంత అవుతుందో కొటేషన్ తెప్పించండి. అది 7,000 అయితే కంపెనీ 6,000 ఇచ్చి చేతులు దులుపుకుంటోందన్నమాట. 5,500 అయితే మొత్తం తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు. కొటేషన్ లేకుండా ఈ విషయంలో అభిప్రాయం చెప్పకండి.

కంపెనీ మునిగిపోతే పెన్షన్ ఏమవుతుందని క్లయింట్ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పథకం ఆస్తులు కంపెనీ ఆస్తుల నుంచి విడిగా ఉన్నాయా, పథకం దగ్గర బాకీలకు సరిపడా నిధులున్నాయా అన్నది వార్షిక నివేదికలో ఉంటుంది. కొన్ని దేశాల్లో దీనికి రక్షణ సంస్థలూ ఉన్నాయి. అమెరికాలో 1974 చట్టంతో ఏర్పడింది, బ్రిటన్‌లో 2005 నుంచి పనిచేస్తోంది. రెంటికీ పరిమితులున్నాయి. పెద్ద పెన్షన్ ఉన్నవాళ్లకు మొత్తం వస్తుందని అనుకోకూడదు.

జీవిత భాగస్వామికి భాగం పెడితే పెన్షన్ తగ్గుతుంది కదా. పెట్టాలా?

మన కేసులో 35కు బదులు 31. అంటే నెలకు 4 ఖర్చుతో, ఆయన తర్వాత ఆవిడకు జీవితాంతం నెలకు 18.6 వచ్చే ఏర్పాటు. ఆవిడ అయిదేళ్లు చిన్న, సొంత పెన్షన్ లేదు. నా దృష్టిలో ఇక్కడ చర్చించడానికేమీ లేదు.

అయినా ఎవరో ఒకరు చెబుతారు: "35 తీసుకోండి, ఆ మిగిలిన 4తో జీవిత బీమా కట్టుకోండి, ఎక్కువ లాభం." వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. 63 ఏళ్ల వయసులో వైద్య పరీక్ష తర్వాత అసలు పాలసీ ఇస్తారా, ఎంత ప్రీమియానికి? ఆ పాలసీ ఆయన 90వ ఏటి దాకా నడుస్తుందా, లేక 75కే ముగుస్తుందా? మతిమరుపు వచ్చి రెండు ప్రీమియంలు కట్టడం మరిచిపోతే ఏమవుతుంది? మూడింటికీ మంచి జవాబు వచ్చిన కేసు నేను చూడలేదు.

భాగస్వామికి సొంతంగా మంచి పెన్షన్ ఉంటేనో, ఆరోగ్యం బాగాలేక ఆయన కంటే ముందే పోయే అవకాశం ఎక్కువగా ఉంటేనో లెక్క మారుతుంది. అప్పుడు కూడా ఫారం మీద ఇద్దరి సంతకాలూ తీసుకోండి, నియమం అడగకపోయినా సరే. చాలా పథకాల్లో మొదటి నెల పెన్షన్ బ్యాంకులో పడ్డాక ఈ ఎంపిక మార్చడానికి వీల్లేదు.

ప్రభుత్వ పెన్షన్ వైపు కూడా ఇదే ప్రశ్న ఉంది. అమెరికాలో భర్త ఆపుకుని పెంచుకున్న మొత్తం ఆధారంగానే వితంతువుకు వచ్చే పెన్షన్ లెక్కిస్తారు. అంటే అక్కడ ఆపడం ఆవిడ కోసం కూడా. అన్ని దేశాల్లో ఇలా లేదు. ఆపినందుకు వచ్చిన పెంపు ఆయనతోనే పోయే చోట, ఆపడానికి ఉన్న కారణాల్లో ఒకటి తగ్గినట్టే.

మధ్య ఏళ్లలో ఖర్చుపెట్టే పొదుపు ఎక్కడ పెట్టాలి?

షేర్లలో మాత్రం వద్దు. ఎందుకో చిన్న లెక్కతో చూపించండి, కాగితం మీద క్లయింట్ ముందే.

పొదుపు 1,000. మూడేళ్ల రాబడులు: 20 శాతం లాభం, 10 శాతం లాభం, 20 శాతం నష్టం. ఏమీ తీయకపోతే ఏ వరుసలో వచ్చినా చివరికి 1,056. ఇప్పుడు ప్రతి ఏడాది చివర 100 తీయండి. లాభాలు ముందొస్తే 788 మిగులుతుంది. నష్టం ముందొచ్చి, తర్వాత 10, ఆ తర్వాత 20 శాతం లాభం వస్తే 704. రాబడులు అవే, వరుస మారింది, అంతే. పడిపోయిన ధరకు అమ్మిన యూనిట్లు తర్వాత ధర పెరిగినా తిరిగి రావు.

మన కేసులో మొదటి ఏడేళ్లూ తీసేది చాలా ఎక్కువ కాబట్టి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే ఆ ఏడేళ్ల డబ్బును ఏ ఏడాదికి కావలసింది ఆ ఏడాది చేతికందేలా డిపాజిట్లలోనో, ప్రభుత్వ బాండ్లలోనో వరుసగా పేర్చండి. వీలైతే ధరల పెరుగుదలతో ముడిపెట్టినవి. 70 తర్వాతకు మిగిలే 3,000 మాత్రం కొంత షేర్లలో ఉండొచ్చు, దానికి కోలుకునే సమయం ఉంది.

మరి 4 శాతం సూత్రం?

దాన్ని ఇక్కడ వాడకండి. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా మార్కెట్ పాత లెక్కలు తీసి, మొదటి ఏడాది పొదుపులో 4 శాతం తీసి, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు నిలిచిందని చూపించాడు. అది ఏటా సమానంగా తీసేవాళ్ల లెక్క, ఒక దేశపు మార్కెట్ లెక్క, 30 ఏళ్ల లెక్క. మన క్లయింట్ ఏడేళ్లు చాలా ఎక్కువ తీసి, తర్వాత బాగా తక్కువ తీస్తాడు. ఆయన భార్యకు 58, ఆవిడకు 35 ఏళ్లు కావాల్సి రావచ్చు. మొదటి ఏళ్లలో 9 శాతం తీస్తున్నారని చూసి ఎవరైనా గాభరాపడితే, ఆ అంకె దేనికి కొలతో ముందు వివరించండి.

పన్ను గురించి ఏం చూడాలి?

జీతం ఆగి, ప్రభుత్వ పెన్షన్ ఇంకా మొదలుకాని ఏళ్లలో ఆదాయం తక్కువగా ఉంటుంది, శ్లాబు కూడా కిందికి దిగుతుంది. తీసేటప్పుడు పన్ను పడే ఖాతాలు ఏవైనా ఉంటే, వాటిలోంచి తీయడానికి ఇదే మంచి సమయం. పన్ను ముందే కట్టేసిన ఖాతాలను తర్వాతకు ఉంచండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఎందుకంటే పన్ను పడని డబ్బు ముందు తీయడం తేలిగ్గా అనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఒకేసారి 6,000 తీసుకుంటే ఆ ఒక్క ఏడాదే ఆదాయం ఆకాశానికి ఎగిసి పై శ్లాబులో పడొచ్చు. మరో ఖాతాలోకి నేరుగా బదిలీ చేసుకునే వీలుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది, చెక్కు క్లయింట్ చేతికి రాకూడదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే అదనపు సాయం మీద ఆధారపడే క్లయింట్ అయితే, పొదుపులోంచి పెద్ద మొత్తం తీసిన ఏడాది ఆ సాయం ఆగిపోవచ్చు.

వైద్య బీమా?

కంపెనీ ఇచ్చే కవర్ ఉద్యోగంతో పాటే ముగిసే చోట, ఆ రోజు నుంచి ప్రభుత్వ వైద్య సదుపాయం వర్తించే వయసు దాకా ఇద్దరికీ బీమా ఖర్చెంతో ముందే నెల ఖర్చులో కలపండి. భార్య చిన్నదైతే కవర్ లేని ఈ ఖాళీ కాలం ఆవిడకు ఆయన కంటే పొడవుగా ఉంటుంది.

నామినీ పత్రాలు ఎందుకు అడుగుతారు, వీలునామా ఉంది కదా?

చాలా చోట్ల పథకం దగ్గరున్న నామినీ పత్రమే చెల్లుతుంది, వీలునామా కాదు. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి మరిచిపోయినవాళ్లు, విడాకులైనా మొదటి భార్య పేరు అలాగే ఉన్నవాళ్లు ఉంటారు. "అది ఎప్పుడో మార్చేశానండీ" అన్న మాట వినకండి, పథకం నుంచి తాజా కాపీ తెప్పించి కళ్లతో చూడండి.

ప్రభుత్వ పెన్షన్ మొదలుపెట్టేశాక క్లయింట్ మనసు మారితే?

కొన్ని చోట్ల కొంతకాలం వెనక్కి తగ్గే దారి ఉంటుంది. అమెరికాలో జీవితంలో ఒకసారి, మంజూరైన 12 నెలల లోపు దరఖాస్తు ఉపసంహరించుకోవచ్చు. కానీ అప్పటిదాకా వచ్చిందంతా, ఆ ఖాతా మీద కుటుంబ సభ్యులు తీసుకున్నది కూడా, తిరిగి కట్టాలి. ఆ గడువు దాటితే పూర్తి వయసు వచ్చాక పెన్షన్‌ను తాత్కాలికంగా ఆపించుకుని, 70 వరకు పెంపు పోగేసుకునే వీలు మాత్రం ఉంటుంది. కంపెనీ పెన్షన్‌కు ఇలాంటి దారి సాధారణంగా ఉండదు. అందుకే నేను క్లయింట్ చేత కంపెనీ ఫారం ఆఖర్న సంతకం చేయిస్తాను, మిగతావన్నీ తేలాక, ఇద్దరూ ఒక రాత్రి ఇంట్లో మాట్లాడుకుని వచ్చాక.